వంశవృక్ష చిత్రం చూసి డామినెంటా, రెసెసివా, ఎక్స్-లింక్డా తేల్చడం ఎలా

పెడిగ్రీ చార్ట్ చేతికి రాగానే చాలామంది బొమ్మ మొత్తాన్ని దూరం నుంచి ఒక చూపు చూస్తారు. ప్రతి తరంలోనూ నలుపు కనిపిస్తే డామినెంట్ అంటారు. మధ్యలో ఒక తరం ఖాళీగా ఉంటే రెసెసివ్ అంటారు. చదరాలే ఎక్కువ నల్లగా ఉంటే ఎక్స్-లింక్డ్ అని రాసేస్తారు. ఈ మూడూ సూచనలే, రుజువులు కావు. చార్టులో మేనరికం ఉంటే ఈ సూచనలే మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. మన ఇళ్ళలో మేనరికాలు కొత్తేమీ కాదు కాబట్టి ఈ విషయం మనకు మరీ ముఖ్యం.

నేను పిల్లలకు నేర్పే పద్ధతి వేరు. బొమ్మను జంటలుగా విడగొట్టండి. ఒక్కో జంటనూ వాళ్ళ పిల్లలనూ చూసి, ఏది అసాధ్యమో దాన్ని కొట్టేయండి. కొట్టేయగా మిగిలినవాటిని చివర్లో తూకం వేయండి. తెలుగు మీడియం పుస్తకాల్లో డామినెంట్‌ను బహిర్గతం, రెసెసివ్‌ను అంతర్గతం అంటారు. పేరు ఏదైనా పద్ధతి ఒకటే.

ముందు బొమ్మను అక్షరాల్లోకి దించండి

చదరం మగ, వృత్తం ఆడ. నల్లగా నింపి ఉంటే ఆ లక్షణం ఉన్నట్టు, ఖాళీగా ఉంటే లేనట్టు. చదరాన్నీ వృత్తాన్నీ కలిపే అడ్డగీత పెళ్ళి. ఆ గీత మధ్యలోంచి కిందికి దిగే గీతకు వేలాడేవాళ్ళు పిల్లలు. గుర్తు మీద ఏటవాలు గీత ఉంటే ఆ మనిషి చనిపోయినట్టు. అడ్డగీత రెండు గీతలుగా ఉంటే దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళి. తరాలను పైనుంచి కిందికి రోమన్ అంకెలతోనూ, ఒక్కో తరంలో మనుషులను ఎడమ నుంచి కుడికి మామూలు అంకెలతోనూ గుర్తిస్తారు. అంటే II-4 అంటే రెండో తరంలో నాలుగో మనిషి.

తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఫోన్‌లో వచ్చిన ఫొటోలో జంట గీత ఒకే గీతలా కనిపించవచ్చు, కాబట్టి పెద్దది చేసి చూడండి. సగం నింపిన గుర్తుకు గానీ మధ్యలో చుక్కకు గానీ సాధారణంగా వాహకులు, అంటే జన్యువు ఉన్నా జబ్బు లేనివాళ్ళు, అని అర్థం, కానీ కొన్ని చార్టుల్లో సగం నింపడం మరో లక్షణానికి గుర్తు. బొమ్మ పక్కన సూచిక ఉంటే అది చదవకుండా ముందుకు వెళ్ళవద్దు. పైనుంచి గీత రాని మనిషి బయటి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళను తోబుట్టువుల్లో కలిపేస్తే లెక్కంతా తారుమారు అవుతుంది.

తర్వాత బొమ్మను పక్కన పెట్టి జంటల పట్టిక రాసుకోండి. ఈ వ్యాసంలో మనం చూడబోయే కుటుంబానిది ఇది. నలుపు ఉన్నవాళ్ళకు * పెట్టాను, రక్తసంబంధ పెళ్ళికి == పెట్టాను.

```
I-1  ×  I-2    →  II-1, II-3*, II-4*
II-1 ×  II-2   →  III-1, III-2
II-4* == III-1 →  IV-1*, IV-2, IV-3*
```

మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. పైన ఉన్న భార్యాభర్తలకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి II-1కి జబ్బు లేదు, రెండో అమ్మాయి II-3కి ఉంది, ఆఖరి అబ్బాయి II-4కి ఉంది. పెద్దమ్మాయి బయటి సంబంధం II-2ను చేసుకుంది. వాళ్ళకు కూతురు III-1, కొడుకు III-2, ఇద్దరికీ జబ్బు లేదు. మేనమామ II-4 అక్క కూతురు III-1ను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు కొడుకు IV-1, కూతుళ్ళు IV-2, IV-3. కొడుక్కీ చిన్న కూతురికీ జబ్బు ఉంది. ఇది నేను పాఠం కోసం గీసుకున్న కుటుంబం, కానీ ఇలాంటి వరసలు మీరు చుట్టూ చూసే ఉంటారు.

డామినెంటా, రెసెసివా

పట్టికలో రెండు రకాల జంటల కోసం మాత్రమే వెతకండి. తల్లిదండ్రులిద్దరూ ఖాళీగా ఉండి ఒక బిడ్డ నల్లగా ఉందా? అలాగైతే డామినెంట్‌ను కొట్టేయవచ్చు. డామినెంట్ జన్యువు ఒక్కటి ఉన్నా బయటపడుతుంది. బిడ్డకు అది తల్లి నుంచో తండ్రి నుంచో రావాలి, వస్తే వాళ్ళలో ఒకరు నల్లగా ఉండి తీరాలి. దీనికి తిరగేసిన జంట ఇంకొకటి: ఇద్దరూ నల్లగా ఉండి ఒక బిడ్డ ఖాళీగా ఉంటే రెసెసివ్ పోతుంది. రెసెసివ్ జన్యువు రెండు ప్రతులూ ఉంటేనే బయటపడుతుంది, కాబట్టి ఇద్దరిలోనూ రెసెసివ్ జన్యువులు తప్ప వేరేవి లేనప్పుడు బిడ్డకు మంచి జన్యువు ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఉండదు.

మన పట్టికలో మొదటి వరసే మొదటి రకం. I-1, I-2 ఖాళీ, II-3, II-4 నలుపు. డామినెంట్ పోయింది, రెసెసివ్ మిగిలింది.

ఒక్క జాగ్రత్త. ఈ నియమానికి బయట ఒక నిజమైన పరిస్థితి ఉంది. అకాండ్రోప్లేసియా అనే మరుగుజ్జుతనం డామినెంట్. కానీ ఆ పిల్లల్లో దాదాపు 80 శాతం మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు, ఎందుకంటే జన్యువులో మార్పు ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ఖాళీ జంటకు ఒకే ఒక్క నల్ల బిడ్డ ఉండి, చార్టులో ఇంకెక్కడా నలుపు లేకపోతే, పరీక్షలో రెసెసివ్ అని రాయండి గానీ నిజమైన కుటుంబం ముందు అంత గట్టిగా చెప్పవద్దు. మన చార్టులో ఒకే జంటకు ఇద్దరు నల్ల పిల్లలు ఉన్నారు. ఒకే ఇంట్లో రెండుసార్లు కొత్త మార్పు రావడం చాలా అరుదు కాబట్టి ఇక్కడ ఆ అనుమానం దాదాపు లేదు.

రెండో జాగ్రత్త వయసు గురించి. హంటింగ్టన్ జబ్బు డామినెంటే, కానీ సాధారణంగా నడివయసులో బయటపడుతుంది. ఇరవై ఐదేళ్ళ మనిషి గుర్తు ఖాళీగా ఉంటే అది "జబ్బు లేదు" అనే మాట కాదు, "ఇంకా రాలేదు" అనే మాట కావచ్చు. అలాంటి జబ్బుల చార్టులో ఖాళీ గుర్తు పక్కన వయసు రాసి ఉందేమో చూడండి.

ఎక్స్ మీద ఉందా, లేదా

ఇక్కడ బట్టీ పట్టడానికి ఏమీ లేదు. తండ్రికి ఉన్నది ఒకే ఎక్స్ క్రోమోజోమ్. దాన్ని కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులెవరికీ ఇవ్వడు. కొడుక్కి ఉన్న ఒక్క ఎక్స్ తల్లిదే. నియమాలన్నీ దీన్నుంచే పుడతాయి.

రెసెసివ్ అని తేలాక నల్ల వృత్తాల మీద వేలు పెట్టండి. ఎక్స్-లింక్డ్ రెసెసివ్ అయితే జబ్బున్న ఆడమనిషికి రెండు ఎక్స్‌లలోనూ ఆ జన్యువు ఉండాలి. అందులో ఒకటి తండ్రిది, తండ్రికి ఉన్నదే ఒకటి, కాబట్టి తండ్రి నల్లగా ఉండాలి. కొడుకులకు ఆమె ఇచ్చేది ఆ రెండింట్లో ఒకటి, కాబట్టి కొడుకులందరూ నల్లగా ఉండాలి. నల్ల కూతురికి ఖాళీ తండ్రి ఉన్నా, నల్ల తల్లికి ఖాళీ కొడుకు ఉన్నా, ఎక్స్-లింక్డ్ రెసెసివ్ అక్కడితో ముగిసింది. మన చార్టులో II-3 నల్ల వృత్తం, తండ్రి I-1 ఖాళీ చదరం. ఎక్స్-లింక్డ్ పోయింది. మిగిలింది ఆటోసోమల్ రెసెసివ్ ఒక్కటే, అంటే జన్యువు ఎక్స్, వై కాని మామూలు క్రోమోజోమ్ మీద ఉన్నట్టు.

డామినెంట్ అని తేలిన చార్టు అయితే నల్ల వృత్తాలను వదిలి నల్ల తండ్రుల దగ్గరికి వెళ్ళండి. ఎక్స్-లింక్డ్ డామినెంట్ అయితే జబ్బున్న తండ్రికి కూతుళ్ళందరూ నల్లగా ఉండాలి, ఖాళీ తల్లికి పుట్టిన కొడుకు ఒక్కడు కూడా నల్లగా ఉండకూడదు. ఈ రెండింట్లో ఒకటి తప్పినా అది ఆటోసోమల్ డామినెంట్.

ఒక ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది: "సార్, తండ్రికి ఉండి కొడుక్కి కూడా ఉంటే ఎక్స్-లింక్డ్ కాదని రాసేయొచ్చు కదా?" డామినెంట్ విషయంలో, తల్లి ఖాళీగా ఉంటే, రాయవచ్చు. రెసెసివ్ విషయంలో రాయకూడదు. కొడుక్కి తండ్రి ఎక్స్ రాలేదన్నది నిజమే, కానీ తల్లి వాహకురాలైతే జబ్బు ఆమె నుంచే వస్తుంది. తండ్రికి కూడా ఉండటం ఆ సందర్భంలో యాదృచ్ఛికం, మేనరికం అయితే యాదృచ్ఛికం కూడా కాదు, తల్లికీ తండ్రికీ ఒకే ఇంటి నుంచి వచ్చి ఉండవచ్చు.

బొమ్మను కత్తిరిస్తే ఏమవుతుంది

ఇప్పుడు అదే పట్టికలో పై రెండు వరసలనూ చేత్తో మూసేయండి. మూడో వరస ఒక్కటే చూడండి. తండ్రి నలుపు, తల్లి ఖాళీ, ముగ్గురు పిల్లల్లో ఇద్దరు నలుపు, అందులో ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి. ఎవరికి చూపించినా ఆటోసోమల్ డామినెంట్ అంటారు. పుస్తకాల్లో డామినెంట్‌కు గీసే బొమ్మ సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఒక తరం నుంచి మరో తరానికి నేరుగా దిగుతూ, రెసెసివ్ జబ్బు డామినెంట్ వేషం వేసుకుని వస్తుందన్నమాట. దీన్ని సూడోడామినెన్స్ అంటారు.

మన పద్ధతిలో ఈ ఒక్క వరసను చదివితే ఏది పోతుందో చూడండి. నల్ల తండ్రికి IV-2 అనే ఖాళీ కూతురు ఉంది కాబట్టి ఎక్స్-లింక్డ్ డామినెంట్ పోతుంది. ఆటోసోమల్ డామినెంట్ సాధ్యమే. తల్లి వాహకురాలైతే ఆటోసోమల్ రెసెసివ్ కూడా సాధ్యమే. తల్లి వాహకురాలైతే ఎక్స్-లింక్డ్ రెసెసివ్ కూడా సాధ్యమే. అంటే మూడు మిగిలాయి. కత్తిరించిన బొమ్మకు నిజాయితీ గల జవాబు "మూడింట్లో ఏదైనా కావచ్చు" అనేదే.

మరి తల్లి వాహకురాలు కావడం ఎంత సాధ్యం? మేనరికం ప్రభావం అంకెల్లో కనిపించేది ఇక్కడే. ఆటోసోమల్ రెసెసివ్ అనుకుని లెక్క వేద్దాం. ఆ జబ్బుకు జనంలో 50 మందిలో ఒకరు వాహకులు అనుకోండి. II-4 బయటి అమ్మాయిని చేసుకుంటే ఆమె వాహకురాలయ్యే అవకాశం 1/50. తండ్రి ప్రతి బిడ్డకూ చెడ్డ జన్యువే ఇస్తాడు, ఎందుకంటే అతని దగ్గర వేరేది లేదు. తల్లి వాహకురాలైతే సగం సార్లు ఇస్తుంది. కాబట్టి ఒక బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/50 × 1/2, అంటే నూటికి ఒకటి.

అక్క కూతురిని చేసుకుంటే? II-4 తల్లిదండ్రులిద్దరూ వాహకులని తేలిపోయింది. అక్క II-1కి జబ్బు లేదు. మంచి జన్యువును A, చెడ్డదాన్ని a అనుకుంటే అలాంటి జంటకు నాలుగు సమాన అవకాశాలు: AA ఒకటి, Aa రెండు, aa ఒకటి. జబ్బు లేదు కాబట్టి aa తీసేయండి. మిగిలిన మూడింట్లో రెండు Aa. అంటే అక్క వాహకురాలయ్యే అవకాశం 2/3. ఆమె నుంచి కూతురికి చేరే అవకాశం అందులో సగం, 1/3. ఒక బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1/3 × 1/2, అంటే ఆరింట్లో ఒకటి. ఇక్కడ 1/3 బదులు 1/4 అని రాసేవాళ్ళు జబ్బు లేదన్న సమాచారాన్ని వాడుకోవడం మరిచిపోయినట్టు. అంటే 2/4 అని మొదలుపెట్టి aa తీసేయలేదన్నమాట.

నూటికి ఒకటికీ ఆరింట్లో ఒకటికీ ఉన్న తేడాయే ఆ రెండో గీత. అందుకే జంట గీత కనిపిస్తే రెసెసివ్‌ను తూకంలో బరువుగా వేయాలి. IV-1 పుట్టాక మాత్రం లెక్క మారిపోతుంది. III-1 వాహకురాలని ఇక అనుమానం లేదు, కాబట్టి తర్వాతి ప్రతి కాన్పులోనూ అవకాశం 1/2. ముందు పుట్టిన పిల్లలకు వచ్చింది కదా అని తర్వాత బిడ్డకు తగ్గదు. IV-2కి జబ్బు లేకపోయినా తండ్రి నుంచి a వచ్చి తీరింది, కాబట్టి ఆ అమ్మాయి కచ్చితంగా Aa.

కొట్టేసే జంట దొరకనప్పుడు

చాలా నిజమైన చార్టుల్లో ఏదీ పూర్తిగా అసాధ్యం కాదు. అప్పుడేం చేయాలో ఇంగ్లండ్ రాణి విక్టోరియా కుటుంబంలో చూద్దాం. రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫిలియా జబ్బు చార్టుగా ఈ కుటుంబం బొమ్మ చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

విక్టోరియా, ఆమె భర్త ఆల్బర్ట్ ఇద్దరూ ఖాళీ. కొడుకు లియోపోల్డ్ నలుపు. డామినెంట్ పోయింది. ఇక ఎక్స్ సంగతి చూద్దామని నల్ల వృత్తాలు వెతికితే ఒక్కటీ లేదు. ఎక్స్-లింక్డ్‌ను కొట్టేయలేం. అలాగని ఆటోసోమల్ రెసెసివ్‌ను కొట్టేసే జంట కూడా లేదు, ఎందుకంటే ఖాళీగా ఉన్న ఎవరినైనా వాహకులు అనుకోవచ్చు. పైగా ఈ చార్టులో జంట గీతలు ఉన్నాయి. ఆల్బర్ట్ స్వయానా విక్టోరియా మేనమామ కొడుకు, మన భాషలో అచ్చమైన మేనరికం. మనవరాలు ఐరీన్ పెద్దమ్మ కొడుకైన ప్రష్యా రాజకుమారుడు హెన్రీని చేసుకుంది, మన వరసల ప్రకారం అతను అన్న అవుతాడు. జంట గీత కనిపిస్తే రెసెసివ్‌కు బరువివ్వాలని పైన చెప్పాను కదా, మరి ఇదీ ఆటోసోమలేనా?

తూకం వేద్దాం. జబ్బున్న కొడుకులను కన్న జంటలు ఈ కుటుంబంలో ఏడు. విక్టోరియా, ఆమె కూతుళ్ళు ఆలిస్, బియట్రిస్, ఆలిస్ కూతుళ్ళు ఐరీన్, రష్యా జార్ భార్య అలెగ్జాండ్రా, బియట్రిస్ కూతురు స్పెయిన్ రాణి విక్టోరియా యుజీని, లియోపోల్డ్ కూతురు ఆల్బనీ ఆలిస్. ఆటోసోమల్ రెసెసివ్ కావాలంటే ఈ ఏడుగురి భర్తలూ, వేర్వేరు రాజ్యాల నుంచి వచ్చినవాళ్ళు, అందరూ అదే అరుదైన జన్యువుకు వాహకులు కావాలి. ఆల్బర్ట్‌నూ హెన్రీనీ చుట్టరికం పేరుతో వదిలేద్దాం. మిగతా ఐదు జంటలకు అంత దగ్గరి చుట్టరికం లేదు. ఒక్కొక్కరికీ ఉదారంగా నూటికి ఒకటి అవకాశం ఇచ్చినా ఐదుగురూ వాహకులు కావడం సుమారుగా వెయ్యి కోట్లలో ఒక వంతు. ఎక్స్-లింక్డ్ అయితే భర్తల దగ్గర ఏమీ ఉండనక్కర్లేదు.

ఇంకో వైపు నుంచి కూడా తూచవచ్చు. ఈ చార్టుల్లో సాధారణంగా నల్లగా చూపించేది తొమ్మిది మందిని: లియోపోల్డ్, ఆలిస్ కొడుకు ఫ్రెడ్రిక్, బియట్రిస్ కొడుకు లియోపోల్డ్, ఐరీన్ కొడుకులు వాల్డెమార్, హెన్రిక్, జార్ కొడుకు అలెక్సీ, స్పెయిన్ రాజకుమారులు అల్ఫోన్సో, గొంజాలో, ఆల్బనీ ఆలిస్ కొడుకు రూపర్ట్. తొమ్మిది మందీ మగవాళ్ళే. ఆటోసోమల్ అయితే జబ్బున్న ప్రతి ఒక్కరూ ఆడ కావడానికీ మగ కావడానికీ సమాన అవకాశం ఉండాలి, కాబట్టి అందరూ మగవాళ్ళే కావడం 512లో ఒకటి. గమనించండి, మొదట్లో సూచన మాత్రమే అన్న "చదరాలే ఎక్కువ" అనే మాటకు ఇక్కడ బలం వచ్చింది. తొమ్మిదికి తొమ్మిది కాబట్టి వచ్చింది. ముగ్గురికి ముగ్గురే అయితే అది ఎనిమిదింట్లో ఒకటి, దాని మీద ఏమీ నిలబెట్టలేం.

మూడోది జోస్యం లాంటి పరీక్ష, నాకు బాగా నచ్చేది ఇదే. ఎక్స్-లింక్డ్ నిజమైతే విక్టోరియా కొడుకు లియోపోల్డ్ కూతురు వాహకురాలై తీరాలి, కొడుకు పూర్తిగా తప్పించుకోవాలి. 1884లో లియోపోల్డ్ పడిపోయి, రక్తస్రావంతో చనిపోయాడు. కొడుకు చార్లెస్ ఎడ్వర్డ్ ఆ తర్వాత కొద్ది నెలలకు పుట్టాడు, అతనికి జబ్బు లేదు. కూతురు ఆల్బనీ ఆలిస్ కొడుకు రూపర్ట్‌కు జబ్బు ఉంది, 1928లో కారు ప్రమాదం తర్వాత చనిపోయాడు. మీ చార్టులో నల్ల తండ్రి ఉంటే ఇలాగే అతని కూతుళ్ళ కొడుకుల దాకా వెళ్ళి చూడండి.

విక్టోరియాకు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చార్టు చెప్పదు. ఆమె తండ్రికి జబ్బు లేదు, కొత్త మార్పు అయి ఉండవచ్చు. చార్టు చెప్పలేనిది ఇంకొకటి కూడా ఉంది. హీమోఫిలియా ఏ, బీ అనే రెండు రకాలకూ కారణమైన జన్యువులు F8, F9 రెండూ ఎక్స్ మీదే ఉన్నాయి. రెండు రకాలకూ వంశవృక్షం ఒకేలా వస్తుంది. ఎంత జాగ్రత్తగా చదివినా విక్టోరియా కుటుంబంలోది ఏ రకమో బొమ్మ నుంచి తేలదు. 2009లో రష్యా జార్ కుటుంబం ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏలో మార్పు F9లో దొరికాకే అది హీమోఫిలియా బీ అని తెలిసింది.